ఇల్లు కట్టినందుకు జరిమానా

జనం ఇంటిపన్ను అని పిలిచేది నిజానికి రెండు పన్నుల ముడి. ఒకటి నేల విలువ మీద పడుతుంది. రెండోది ఆ నేల మీద లేచిన గోడలు, స్లాబుల విలువ మీద పడుతుంది. రెండూ ఒకే రసీదులో వస్తాయి కాబట్టి రెండూ ఒకటేనని కట్టేవాళ్లూ అనుకుంటారు, వసూలు చేసేవాళ్లూ అనుకుంటారు. అర్థశాస్త్రం మాత్రం వాటిని వేరువేరుగానే చూస్తుంది. నేల మీది పన్ను, ఉన్న పన్నుల్లో తక్కువ చెరుపు చేసే వాటిలో ఒకటి. భవనం మీది పన్ను, కట్టే పనికి వేసే జరిమానా. లోకంలో చాలా నగరాలు ఏరికోరి నెత్తిన పెట్టుకున్నది ఈ రెండోదాన్నే.

కట్టడం మీద పన్ను వేస్తే ఏమవుతుందో ప్రపంచానికి ఉచితంగా పాఠం చెప్పిన ఘనత ఇంగ్లండుది. అక్కడ 1696లో కిటికీల పన్ను పెట్టారు. వసూలుకు ఎంతో అనువైన పన్ను అది. అధికారి ఇంట్లోకి అడుగుపెట్టే పని లేదు, వీధిలో నిలబడి కిటికీలు లెక్కపెట్టుకుంటే చాలు. 1747లో తెచ్చిన రేట్ల ప్రకారం 9 కిటికీల వరకు కిటికీ లెక్కన పన్ను లేదు. 10 నుంచి 14 దాకా ఉంటే ప్రతి కిటికీకీ 6 పెన్నీలు, 15 నుంచి 19 దాకా ఉంటే ప్రతి కిటికీకీ 9 పెన్నీలు. అంటే పదో కిటికీ పెట్టిన మనిషి ఆ ఒక్కదానికే కాక, పదింటికీ కలిపి 60 పెన్నీలు, అప్పటి లెక్కలో 5 షిల్లింగులు, ఏటా చెల్లించుకోవాలి.

జనం ఏం చేయాలో అదే చేశారు. ఇటుకలు తెచ్చి కిటికీలు మూసేశారు. వాలెస్ ఓట్స్, రాబర్ట్ ష్వాబ్ అనే ఇద్దరు అమెరికన్ ఆర్థికవేత్తలు ఆ కాలపు పన్ను చిట్టాలు తిరగేస్తే సరిగ్గా 9, 14, 19 కిటికీలున్న ఇళ్లు గుట్టగా కనిపించాయి. మూసిన కిటికీ నుంచి ఖజానాకు పన్ను రాలేదు, ఇంట్లోకి వెలుతురూ రాలేదు. ప్రజలు నష్టపోయారు గానీ ఆ నష్టం ఎవరి జేబులోనూ పడలేదు. ఇలా ఎవరికీ చెందకుండా పోయే నష్టాన్నే అర్థశాస్త్రం పన్ను తాలూకు అదనపు భారం అంటుంది. ఈ విషయం గ్రహించి ఆ పన్నును ఎత్తేయడానికి 1851 దాకా పట్టింది.

ఈనాటి నగరాలు కిటికీలు లెక్కపెట్టడం లేదు, చదరపు అడుగులు లెక్కపెడుతున్నాయి. నాగరికత అంతవరకు ముందుకు సాగింది.

పక్కపక్కనే రెండు ప్లాట్లు ఉన్నాయనుకుందాం. ఒక్కోటి 200 గజాలు, గజం 50 వేలు, కాబట్టి ఒక్కో ప్లాటు విలువ కోటి రూపాయలు. మొదటి ప్లాటులో కోటి రూపాయల ఇల్లుంది. నాలుగు కుటుంబాలు అద్దెకుంటున్నాయి. రెండో ప్లాటులో తుమ్మచెట్లున్నాయి, ‘ఈ స్థలం అమ్మబడదు’ అన్న బోర్డుంది. నేలకూ ఇంటికీ తేడా చూడకుండా మొత్తం విలువ మీద నూటికి అర్ధరూపాయి చొప్పున పన్ను వేస్తే ఇల్లు కట్టినాయన ఏటా లక్ష కడతాడు, తుమ్మచెట్ల యజమాని 50 వేలు కడతాడు. నగరానికి వచ్చేది లక్షన్నర. నలుగురికి నీడనిచ్చిన నేరానికి రెట్టింపు శిక్ష అన్నమాట.

ఇప్పుడు అదే లక్షన్నరను నేల మీద మాత్రమే రాబట్టాలంటే రేటు నూటికి ముప్పావు రూపాయి అవుతుంది. ఇద్దరూ చెరి 75 వేలు కడతారు. ఖజానాకు ఒక్క రూపాయి తగ్గదు. మారేది ఆ తర్వాతి సంగతి. మొదటాయన 50 లక్షలు పెట్టి మరో అంతస్తు వేద్దామనుకుంటాడు. పాత పద్ధతిలో అయితే పన్ను ఏటా 25 వేలు పెరుగుతుంది. ఏటా తగిలే ఆ ఖర్చును, పెట్టుబడి మీద నూటికి 6 రాబడి కోరేవాడి లెక్కలో ఇప్పటి సొమ్ముగా మారిస్తే, 4 లక్షల పైమాటే. అంటే 50 లక్షల అంతస్తు ఆయనకు 54 లక్షలకు పైగా పడుతుంది. గిట్టుబాటు అంచు మీద ఉన్న అంతస్తు అక్కడే ఆగిపోతుంది. అదే ఈనాటి మూసిన కిటికీ. నేల పన్ను పద్ధతిలో ఆయన ఎన్ని అంతస్తులు వేసినా పన్ను 75 వేలే. తుమ్మచెట్ల యజమాని ఏమీ కట్టకపోయినా 75 వేలే. కట్టాలా వద్దా అన్న నిర్ణయంలోకి పన్ను తలదూర్చదు. నేల పన్ను చెరుపు తక్కువ చేస్తుందనడంలో అర్థమంతా ఇదే.

దీనికి మూలం నేల స్వభావంలోనే ఉంది. పన్ను ఎక్కువైతే ఇళ్లు కట్టేవాళ్లు తగ్గుతారు, నేల మాత్రం ఒక్క గజం కూడా తగ్గదు. దాన్ని మూటగట్టుకుని పన్ను లేని ఊరికి తీసుకుపోవడమూ కుదరదు. ఆడమ్ స్మిత్ 1776లోనే ఇంటి అద్దెను భవనపు అద్దె, నేల అద్దె అని విడదీసి, పన్నుకు రెండోదే తగినదన్నాడు. 1879లో హెన్రీ జార్జ్ అదే మాట మీద ఒక ఉద్యమాన్నే లేపాడు. ప్రభుత్వం ఏ పన్ను వేసినా పెదవి విరిచే మిల్టన్ ఫ్రీడ్‌మన్ సైతం చెడ్డ పన్నుల్లో అతి తక్కువ చెడ్డది ఇదేనని ఒప్పుకున్నాడు. ఏ విషయంలోనూ ఒక మాట మీద నిలవని ఆర్థికవేత్తలు ఇంతగా కలిసిన చోటికి నగర పాలకులు మాత్రం రారు.

రాకపోవడానికి చెప్పే కారణాల్లో పేదల మీద జాలితో నిండినది ఒకటుంది. నేల మీద పన్ను వేస్తే యజమాని దాన్ని అద్దెలో కలిపేస్తాడట. కలపగలిగితే నిన్ననే ఎందుకు కలపలేదన్న ప్రశ్నకు జవాబుండదు. పన్ను లేనప్పుడు ఎక్కువ అద్దె వచ్చే అవకాశం ఉండి కూడా దయతలచి వదిలేసే యజమానులు కథల్లో కూడా అరుదు. అద్దెను తేల్చేది ఊళ్లో ఇళ్లెన్ని, అడిగేవాళ్లెందరు అన్నదే. నేల పన్ను ఇళ్లను తగ్గించదు కాబట్టి అద్దెను పెంచే దారి దానికి లేదు. భవనం మీది పన్ను మాత్రం కాలక్రమంలో కొత్త ఇళ్లను తగ్గించి, ఆ మేరకు అద్దెలోకి ఎక్కుతుంది. పేదల మీద జాలి నిజమైతే భయపడాల్సింది దాన్ని చూసి.

నేల పన్ను మోసేది పన్ను ప్రకటించిన రోజున ఆ నేల ఎవరి పేరున ఉందో వాళ్లే. కోటి విలువైన ప్లాటు ఏటా 6 లక్షలు తెచ్చేదైతే, 75 వేలు పన్ను పోగా మిగిలేది ఐదుంపావు లక్షలు. అదే నూటికి 6 లెక్కన కొనేవాడు ఇచ్చే ధర 87 లక్షల 50 వేలకు దిగుతుంది. ఆ తర్వాత కొన్నవాడికి భారం తెలియదు, ఎందుకంటే ధరలోనే తగ్గించి కొన్నాడు. అప్పుచేసి నిన్ననే ప్లాటు కొన్నవాడికి మాత్రం ఇది అన్యాయమే. అందుకే దీన్ని ఒక్క బడ్జెట్లో కాక, కొన్నేళ్ల మీద మెట్టుమెట్టుగా తేవాలంటారు. ఇల్లుండి ఆదాయం లేని వృద్ధులకు, ఆస్తి చేతులు మారినప్పుడు వసూలయ్యేలా పన్ను వాయిదా వేయాలంటారు.

అమెరికాలోని పిట్స్‌బర్గ్ ఈ దారిలో చాలా దూరం నడిచింది. పెన్సిల్వేనియా రాష్ట్రం 1913లో చేసిన చట్టంతో అక్కడ భవనాల రేటు క్రమంగా నేల రేటులో సగానికి దిగింది. 1979, 1980 సంవత్సరాల్లో నగరం నేల రేటును భవనాల రేటుకు 5 రెట్లు దాటించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ ప్రాంతపు ఉక్కు పరిశ్రమ కుప్పకూలుతోంది. కిటికీలు లెక్కపెట్టిన ఓట్స్, ష్వాబ్‌లే ఇక్కడి నిర్మాణ అనుమతులనూ లెక్కపెట్టారు. అంతకుముందు రెండు దశాబ్దాల సగటుతో పోలిస్తే 1980లలో అనుమతుల విలువ 70 శాతం పెరిగింది. చుట్టుపక్కల అలాంటి నగరాల్లో చాలావాటిలో తగ్గింది. ఈ ఘనతంతా పన్నుదేనని వాళ్లు చెప్పలేదు. నగర కేంద్రంలో ఆఫీసుల కొరత అసలు కారణమన్నారు. అయితే నిర్మాణాన్ని అణిచే పన్నులు పెంచకుండా ఖజానా నింపుకోవడానికి నేల పన్ను పనికొచ్చిందన్నారు.

ఆ పద్ధతిని పిట్స్‌బర్గ్ 2001లో వదిలేసింది. దెబ్బ తిన్నది సిద్ధాంతం దగ్గర కాదు, విలువ కట్టే దగ్గర. ఏళ్ల తరబడి విలువలు సవరించకుండా వదిలేసి ఒక్కసారిగా కొత్త విలువలు కట్టేసరికి చాలామంది ఇళ్ల యజమానులకు నేల విలువలు ఎగిరి కూర్చున్నాయి, బిల్లులు చూసి జనం తిరగబడ్డారు. ఈ పన్నుకున్న నిజమైన బలహీనత ఇదే. ఇల్లున్న చోట నేల విలువ ఒక్కటే విడిగా అమ్ముడుపోదు. చుట్టుపక్కల ఖాళీ ప్లాట్ల అమ్మకాలను బట్టి గానీ, మొత్తం ధరలోంచి అరుగుదల పోను ఇంటి నిర్మాణ ఖర్చు తీసేసి గానీ దాన్ని రాబట్టాలి. ఆ పని ఏటా, అందరికీ తెలిసేలా జరగాలి.

తెలుగు రాష్ట్రాల సంగతికొస్తే, ఆంధ్రప్రదేశ్ 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువను వదిలి ఆస్తి మూలధన విలువను పట్టుకుంది. అందులోనూ నేల, కట్టడం ఒకే మూటలో ఉన్నాయి. హైదరాబాద్‌లో ఇంటిపన్నుకు ఆధారం ఇప్పటికీ కట్టిన విస్తీర్ణం, దానికి రాగల అద్దె. ఖాళీ స్థలాలకు వేరే పన్ను ఉంది కదా అనేవాళ్లుంటారు. ఉంది. చాలాచోట్ల అది గుర్తుకొచ్చేది యజమాని ఇంటి ప్లానుకు అనుమతి కోసం వెళ్లినప్పుడు. స్థలాన్ని ఖాళీగా ఉంచినన్నాళ్లూ అడగని పన్ను, ఇక ఖాళీగా ఉంచనని వచ్చిన వాడి నుంచి వసూలవుతుంది. పైగా పన్ను ఖాళీతనం మీద కాబట్టి, దాన్ని తప్పించుకోవడానికి ఒక రేకుల షెడ్డు చాలు. నేల విలువ మీది పన్నును షెడ్డు వేసి తప్పించుకోలేరు.

ఇక్కడ నేల విలువ తేల్చడానికి రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకాల్లో విలువలున్నాయి. అవి అసలు ధరకు ఆమడ దూరంలో ఉంటాయని అమ్మేవాడికీ, కొనేవాడికీ, రాసుకునే వాడికీ తెలుసు. వాటిని సరిచేయడం మొదటి మెట్టు. ఇంటిపన్ను నోటీసులో నేల విలువనూ కట్టడం విలువనూ రెండు వరసల్లో విడిగా చూపడం రెండో మెట్టు. ఏటా మొదటి వరస రేటు కొంచెం పెంచి, రెండో దాని రేటు కొంచెం తగ్గించడం మూడోది. ఊరికి ఇళ్లు కావాలంటే చేయాల్సింది ఇంతే. కావాల్సింది తుమ్మచెట్లే అయితే, ఇప్పుడున్న పద్ధతికి తిరుగులేదు.