గోడౌనులో ఉండిపోయిన లాభం

ఇరవై రెండేళ్లుగా ఏలూరులో ఇనుప చువ్వల వ్యాపారం చేస్తున్నాను. సరుకు ఎప్పుడు దించాలో, ఎవరికి అరువు ఇవ్వకూడదో నాకు బాగానే తెలుసు. అయినా 2022లో చేతులారా ఒక తప్పు చేశాను. దొంగలెక్క రాయలేదు, పన్ను ఎగ్గొట్టలేదు. మిగిలిన సరుకుకు విలువ కట్టే పద్ధతిని మార్చి, ఆ మార్పు చూపించిన లాభాన్ని చేతికొచ్చిన డబ్బు అనుకున్నాను.

2021-22లో ఇనుము ధర పైపైకే పోయింది. అర్థం కావడానికి ఆ ఏటి లెక్కను నిండు అంకెల్లో చెబుతాను. ఏప్రిల్ 1న నా దగ్గర 100 టన్నులుంది, టన్ను 50 వేలకు కొన్నది. తర్వాత 100 టన్నులు 56 వేల చొప్పున, మరో 100 టన్నులు 68 వేల చొప్పున కొన్నాను. మొత్తం 300 టన్నులు, ఖరీదు 174 లక్షలు. అందులో 200 టన్నులు 122 లక్షలకు అమ్మాను. మార్చి 31న 100 టన్నులు మిగిలింది. ఆ మిగిలిన వంద టన్నుల ఖరీదు ఎంత అన్నదే ప్రశ్న.

అప్పటిదాకా మాది వెయిటెడ్ యావరేజ్. అంటే 174 లక్షలను 300 టన్నులకు పంచితే టన్ను 58 వేలు పడుతుంది. మిగిలిన సరుకు 58 లక్షలు, అమ్మిన సరుకు ఖరీదు 116 లక్షలు, స్థూల లాభం 6 లక్షలు. షాపు ఖర్చులు 4 లక్షలు పోగా నాకు మిగిలింది 2 లక్షలు.

ఆ 2 లక్షల అంకె చూసి నాకు మనసొప్పలేదు. ఏడాది పొడవునా ధర పెరిగితే ఇంతేనా లాభం అనుకున్నాను. మా గుమాస్తా టాలీలో ఐటం తెరిచి `Costing method` దగ్గర `Avg. Cost` తీసి `FIFO` పెట్టి చూపించాడు. ఫిఫో అంటే ముందు కొన్నది ముందు అమ్ముడైనట్టు లెక్క. అప్పుడు అమ్మిన 200 టన్నుల ఖరీదు 50 లక్షలు, 56 లక్షలు కలిపి 106 లక్షలే. మిగిలిన వంద టన్నులు చివరగా కొన్న ధరకు, 68 లక్షలకు నిలబడింది. స్థూల లాభం 16 లక్షలైంది, ఖర్చులు పోగా 12 లక్షలు. ఒక్క చువ్వ అదనంగా అమ్మకుండా పది లక్షలు పెరిగింది.

ఆ పది లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయో ఆ రాత్రే చూసుకోవాల్సింది. 68లోంచి 58 తీసేస్తే తెలిసిపోతుంది. పెరిగిన లాభం మొత్తం, రూపాయితో సహా, మిగిలిన సరుకు విలువలో పెరిగిన తేడాయే. అది గల్లాపెట్టెలో లేదు, బ్యాంకులో లేదు. యార్డులో ఇనుము రూపంలో ఉంది.

మా ఆడిటరు గారు హెచ్చరించకపోలేదు. "రెండు పద్ధతులూ చెల్లుతాయండీ, అకౌంటింగ్ స్టాండర్డ్ 2 రెంటినీ ఒప్పుకుంటుంది. కానీ ఏటేటా మార్చుకోడానికి కాదు. మార్చితే సరైన కారణం ఉండాలి, దానివల్ల లాభం ఎంత మారిందో నోటులో రాయాలి" అన్నారు. "మా దగ్గర పాత సరుకే ముందు పోతుంది సార్, అందుకని ఇదే సరైనది" అన్నాను. నా మాట నమ్మి ఒప్పుకున్నారు.

ఆ మాట అబద్ధం. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా యార్డులో లారీ దిగగానే హమాలీలు కొత్త కట్టలను పాతవాటి మీదే పేరుస్తారు. కొనేవాళ్లు వచ్చినప్పుడు పైనున్నవే కాటాకు ఎక్కుతాయి. అడుగు కట్టలు నెలల తరబడి అలాగే పడి తుప్పుపడతాయి. నిజానికి లెక్కల పద్ధతి సరుకు కదలికను అచ్చంగా అనుసరించాలన్న నియమం లేదు. అది ఖర్చును పంచే ఒక ఊహ మాత్రమే. కానీ నేను చెప్పిన కారణం ఆ కదలిక. అసలు కారణం పెద్ద అంకె మీద ఆశ.

నన్ను ఆపగలిగే పరీక్ష ఒకటి నా చేతిలోనే ఉంది. మా లైనులో టన్నుకు రెండు మూడు వేలు మిగిలితే మంచి ఏడు. సగటు లెక్కలో నాకు టన్నుకు 3 వేలు మిగిలింది. ఫిఫో లెక్కలో 8 వేలు. నా జన్మలో ఎవరి దగ్గరా టన్నుకు 8 వేలు లాభం తీసుకోలేదు. ఆ అంకె చూడగానే అమ్మకంలో రాని లాభం ధర పెరుగుదలలోంచి వచ్చిందని గుర్తించాల్సింది. గుర్తించలేదు.

ఆ తర్వాతవి వరసగా జరిగాయి. 2 లక్షల ఆదాయానికి పన్నే పడేది కాదు. 12 లక్షలకు పాత స్లాబుల్లో సెస్సుతో కలిపి 1,79,400 రూపాయలు కట్టాను. బ్యాంకులో నా క్యాష్ క్రెడిట్‌కు సరుకు విలువలో 75 శాతం వాడుకోవచ్చు. స్టాకు స్టేట్‌మెంటులో 58 బదులు 68 లక్షలు చూపించేసరికి ఏడున్నర లక్షలు అదనంగా వాడుకునే వీలు దొరికింది. ఆ సొమ్మును ఇంటి స్థలానికి బయానా ఇచ్చాను.

2022 మే 22 నుంచి కేంద్రం పలు రకాల ఉక్కు ఎగుమతుల మీద 15 శాతం సుంకం వేసింది. బయటికి పోవాల్సిన సరుకు దేశంలోనే నిలిచి ధర దిగింది. మా దగ్గర టన్ను 58 వేలకు వచ్చింది. బ్యాంకు సరుకును ఆ ధరకే లెక్కగట్టి, వాడుకున్న ఏడున్నర లక్షలూ తిరిగి కట్టమంది. బయానా వెనక్కి రాదు. ఇంట్లో బంగారం కుదువబెట్టి కట్టాను. కొత్త సరుకు కొనే డబ్బులేక, ఉన్న వంద టన్నులను 57 వేల చొప్పున అమ్మేశాను.

ఆ వంద టన్నుల మీద ఫిఫో లెక్కలో 11 లక్షల నష్టం. సగటు పద్ధతిలోనే ఉండి ఉంటే నష్టం లక్ష మాత్రమే. రెండేళ్లు కలిపి చూడండి. ఫిఫోలో 16లోంచి 11 పోతే 5 లక్షలు. సగటులో 6లోంచి 1 పోతే 5 లక్షలు. ఇనుము మీద నేను సంపాదించింది ఎలా చూసినా 5 లక్షలే. పద్ధతి లాభాన్ని పుట్టించలేదు, రెండో ఏటి లాభాన్ని మొదటి ఏటికి జరిపింది. ఆ జరిపినదాన్ని నేను ఖర్చు పెట్టేశాను. నష్టాన్ని ఎనిమిదేళ్లదాకా ముందుకు తీసుకుపోయి తర్వాతి లాభాల్లో సర్దుకోవచ్చు కానీ, వెనకటి ఏడాది కట్టిన పన్ను వెనక్కి రాదు.

ఫిఫోను నేను తప్పుపట్టడం లేదు. మిగిలిన సరుకు విలువను ఈనాటి ధరకు దగ్గరగా చూపించేది అదే. సగటు పద్ధతి ధరల ఎగుడుదిగుళ్లను రెండువైపులా పంచి లాభాన్ని నెమ్మదిగా కదిలిస్తుంది. మొదటి నుంచి ఫిఫోలోనే ఉండి, ధర పెరిగిన ఏడాది వచ్చే అదనపు లాభాన్ని మళ్లీ సరుకు కొనడానికి పక్కన పెట్టుకునేవాడికి ఏ ఇబ్బందీ లేదు. నేను పద్ధతిని అంకె కోసం ఎంచుకున్నాను.

సరుకు నిల్వ చేసే వ్యాపారులెవరైనా ఇది చదువుతుంటే ఒక్క పని చేయండి. ఈ ఏడాది లాభం చూసి ఏదైనా కొనేముందు, మిగిలిన సరుకును రెండు పద్ధతుల్లోనూ విలువ కట్టి తేడా రాసుకోండి. ఆ తేడా మీ గోడౌనులో ఉంది. దాన్ని ఇంటికి తీసుకెళ్లకండి.