ప్రాథమిక కీ

సర్కారు కొలువుకు చదివే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ‘ప్రాథమిక కీ’ అన్న మాట తెలుసు. టెట్ అయినా, డీఎస్సీ అయినా పరీక్ష అయిపోగానే ముందు వచ్చేది ప్రాథమిక కీ. అభ్యంతరాలుంటే ఫలానా తేదీలోగా చెప్పుకోమంటారు. అవన్నీ చూశాకే ఫైనల్ కీ. సబ్జెక్టు పండితులు కూర్చుని తయారుచేసిన కీ కూడా మొదటిసారికి తప్పు కావచ్చని ప్రభుత్వమే ఒప్పుకుంటోందన్నమాట. అలాంటిది కొడిమ్యాలలో ఒక సైన్సు సారు రాత్రి అన్నం తిని, ఫోన్ పట్టుకుని, ఫలానా పాఠానికి ఇరవై బిట్లు కీతో సహా కావాలని చాట్‌బాట్‌ను అడిగితే, చాయ్ చల్లారేలోపు దిగిన ఆ కీ మాత్రం నేరుగా ఫైనల్ కీ అయి కూర్చుంటుంది. దానికి అభ్యంతరం చెప్పాల్సినవాళ్లు పదో తరగతి పిల్లలు. వాళ్ల అభ్యంతరాలకు గడువు తేదీ ఉండదు, ‘కూసో’ అన్న ఒక్క మాటే ఉంటుంది. అందుకే నా వాదన చిన్నది: చాట్‌బాట్ ఇచ్చేది ఎప్పటికీ ప్రాథమిక కీయే. దాన్ని ఫైనల్ చేసే పద్ధతి కూడా ఒక్కటే. కీ చూడకముందే ప్రశ్నకు జవాబు మనం రాసుకోవాలి.

కీ చూశాక రాస్తే ఏమవుతుందో చూద్దాం. పుటాకార దర్పణం నాభ్యంతరం 10 సెంటీమీటర్లు. దాని ముందు 15 సెంటీమీటర్ల దూరంలో వస్తువు పెట్టారు. ప్రతిబింబం దర్పణానికి ఎంత దూరంలో ఏర్పడుతుంది? ఆప్షన్లు 6, 10, 25, 30. కీలో 6 అని ఉందనుకోండి. కింద వివరణ కూడా ఉంటుంది: 1/v = 1/10 + 1/15 = 1/6. మనం కళ్లద్దాలు సవరించుకుని పదికి, పదిహేనుకు క.సా.గు. ముప్పై, మూడూ రెండూ అయిదు, ముప్పైలో అయిదు అంటే ఆరోవంతు అని లెక్క సరిచూసి టిక్ పెట్టేస్తాం. కూడిక సరైనదే. తప్పు కూడికలో లేదు, అసలు కూడటంలోనే ఉంది. సూత్రం 1/f = 1/v + 1/u. సంజ్ఞా సాంప్రదాయం ప్రకారం f = -10, u = -15. అప్పుడు 1/v = -1/10 + 1/15 = -1/30. ప్రతిబింబం దర్పణం ముందు 30 సెంటీమీటర్ల దగ్గర, తలకిందులుగా, రెండింతల పెద్దదిగా వస్తుంది. కీ మూసి ముందు మనమే ఆలోచించి ఉంటే ఈ లెక్క కూడా అక్కర్లేదు. నాభ్యంతరం పది అయితే వక్రతా కేంద్రం ఇరవై దగ్గర ఉంటుంది. వస్తువు ఆ రెంటి మధ్య ఉంది కాబట్టి ప్రతిబింబం ఇరవై దాటే ఉండాలి. ఆరు ఇంటి గడప కూడా తొక్కదు. జవాబు ముందే కనబడితే మన బుర్ర దానికి వకీలుగా మారుతుంది. కనబడకపోతే జడ్జిగా ఉంటుంది. తేడా అంతా అక్కడే.

రెండో రకం తప్పు ఇంకా గడుసుది, ఎందుకంటే అందులో కీ తప్పు కాదు, ప్రశ్న తప్పు. ‘శక్తికి ప్రమాణం ఏది?’ అన్న బిట్‌కు జౌల్, వాట్, న్యూటన్, పాస్కల్ అని ఆప్షన్లిచ్చి, కీలో వాట్ అని ఉందనుకోండి. యంత్రానికి మతిపోయిందని నవ్వుకుంటాం. దానికి మతిపోలేదు, ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో అడిగింది. ఇంగ్లీషులో ‘పవర్’కు ప్రమాణం వాట్, ఆ మాట నిజమే. కానీ మన పాఠ్యపుస్తకంలో పవర్ అంటే సామర్థ్యం, ఎనర్జీ అంటే శక్తి. వాడుకలో పవర్‌ను శక్తి అంటాం కదా అని యంత్రం కూడా అలాగే అనేసింది. తెలుగు మీడియం పిల్ల జౌల్ అని సరిగ్గా రాసి మార్కు పోగొట్టుకుంటుంది. పుస్తకం ఎంత బాగా చదివితే అంత నష్టం! ద్రవ్యరాశి-భారం, దర్పణం-కటకం లాంటి జంటలున్న ప్రతి బిట్‌నూ పాఠం పక్కన పెట్టుకుని పదం పదం చూడాల్సింది ఇందుకే.

మూడోది కాలం చెల్లిన నిజం. తెలంగాణలో జిల్లాలెన్ని? 2014 జూన్‌లో రాష్ట్రం వచ్చినప్పుడు 10. 2016 అక్టోబర్ 11 నుంచి 31. ములుగు, నారాయణపేట కలిశాక 2019 ఫిబ్రవరి నుంచి 33. ఈ మూడూ ఆప్షన్లలో ఉంటే మూడూ ఏదో ఒక రోజున ఒప్పే. కొడిమ్యాల ఏ జిల్లా అని అడిగితే యంత్రం కరీంనగర్ అన్నా కోపం తెచ్చుకోకండి. దశాబ్దాల రాతల్లో అలాగే ఉంది, అది వాటినే చదివింది. ఊళ్లో పెద్దవాళ్ల నోటికి కూడా జగిత్యాల కన్నా కరీంనగరే ముందొస్తుంది. పెద్దవాళ్లు పిల్లలకు పేపర్లు దిద్దరు, అంతే తేడా.

ఇక అభ్యంతరాలు. ప్రతి బిట్‌నూ మనమే చేసుకుంటే ఇక యంత్రం ఎందుకు, మిగిలిన సమయం ఏది అంటారు. బిట్‌కు రెండు నిమిషాలు వేసుకున్నా ఇరవై బిట్లకు నలభై నిమిషాలు, ఒక్క పీరియడు. బిట్ పేపర్ తయారీలో నడ్డి విరిచేది జవాబు రాయడం కాదు, నమ్మదగిన తప్పులు మూడేసి కల్పించడం. ఇరవై బిట్లకు అరవై అబద్ధాలు! నిజాయితీపరుడైన మాస్టారుకు అదే పెద్ద కష్టం. ఆ పని యంత్రం హాయిగా చేసిపెడుతుంది. ఆ అరవైలో ఒకటో రెండో పొరపాటున నిజాలై ఉంటాయి, వాటిని ఏరడమే మన పని.

గైడ్లలో తప్పులు లేవా అని ఇంకొకరు అడుగుతారు. ఉన్నాయి. కానీ గైడులో తప్పు అచ్చయి ఉంటుంది. కోరుట్లలో ఒక సారు పట్టుకుంటే సిరిసిల్ల దాకా తెలిసిపోతుంది, ఎవరి పుస్తకంలో వాళ్లు దిద్దుకుంటారు. చాట్‌బాట్ తప్పు ఎవరికి వారికి వేరుగా, ఆ పూటకు తాజాగా తయారవుతుంది. రేపు అదే ప్రశ్న అడిగితే ఒప్పు కూడా చెప్పొచ్చు. తప్పొప్పుల పట్టిక వేయడానికి వీల్లేని గైడు అది.

పోనీ ఇంకో చాట్‌బాట్‌తో సరిచూపిద్దామా? ఇద్దరూ వేర్వేరు జవాబులిస్తే మంచిదే, ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఇద్దరూ ఒకటే చెబితే మాత్రం నిశ్చింతగా ఉండకండి. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు ఒకే తప్పు రాస్తే మనం దాన్ని ఒప్పు అనం కదా. ఇవీ చాలావరకు ఒకే రకం రాతలు చదివి వచ్చినవే. నీకు ఖాయమేనా అని దాన్నే గద్దించి అడగడం ఇంకా దండగ. దానికి మర్యాద ఎక్కువ. తప్పుకూ క్షమాపణ చెబుతుంది, ఒక్కోసారి ఒప్పుకూ క్షమాపణ చెప్పి దాన్ని తప్పుగా మార్చుకుంటుంది.

ఇంత చేసినా ఒకటి అరా జారిపోతాయి. వాటిని పట్టే ఆఖరి జల్లెడ పేపర్లు దిద్దేటప్పుడు మన చేతిలోనే ఉంటుంది. వెనక బెంచీవాళ్లు నలుగురు నాలుగు రకాలుగా తప్పు రాస్తే అది వాళ్ల తప్పు. క్లాసులో బాగా చదివే అయిదుగురూ ఒకే బిట్‌కు ఒకే తప్పు జవాబు రాస్తే మాత్రం ఎర్ర పెన్ను కింద పెట్టండి. ఆ అయిదుగురూ తెలియకుండానే మీ ప్రాథమిక కీ మీద అభ్యంతరం దాఖలు చేశారు. పుస్తకం తీసి చూడండి, అభ్యంతరం నిలిస్తే ఆ బిట్‌కు మార్కు కలపండి. టెట్‌లోనూ డీఎస్సీలోనూ మనకు అడిగి సాధించుకునే హక్కు ఉంది. ఆ పిల్లలకు మనం తప్ప ఇంకెవరూ లేరు.