కనెక్షన్ నోట్ దిద్దేవాళ్లు నమ్మకూడని సలహాలు

లింక్డ్‌ఇన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లకు కనెక్షన్ నోట్ పంపేముందు ఎవరికో ఒకరికి చూపించుకోవడం మంచి అలవాటు. చిక్కల్లా ఆ చూసిపెట్టేవాళ్ల దగ్గరే ఉంది. వాళ్లు చెప్పే సలహాలు చాలావరకు అర్జీలు రాయడం నేర్పిన రోజుల నుంచి వచ్చినవి. అర్జీకి అవి సరిపోతాయి. నాలుగు చిన్న వాక్యాలకు మించి పట్టని పెట్టెకు సరిపోవు.

అన్నిటికంటే ముందు వినిపించే సలహా: ‘ముందు మర్యాదగా పరిచయం చేసుకో, అడగాల్సింది చివర్లో అడుగు.’ ఇది ఎంత నష్టం చేస్తుందో ఒక నోట్‌తోనే చూపిస్తాను. మా మేనకోడలు హైదరాబాద్‌లో, జీడిమెట్లలోని ఒక బల్క్ డ్రగ్ కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తోంది. ఒకప్పుడు క్యూసీలోనే ఉండి తర్వాత రెగ్యులేటరీ అఫైర్స్‌కు మారిన ఒక పెద్దాయన తన అనుభవం గురించి తెలుగులో పోస్టు రాస్తే, చదివి ఆయనకు నోట్ రాసుకుంది. పేరు చోట ‘ఫలానా’ అని పెడుతున్నాను. మిగతాదంతా ఆమె రాసిందే.

‘గౌరవనీయులైన సర్ గారికి నమస్కారములు. నా పేరు ఫలానా. నేను ఎం.ఫార్మసీ పూర్తి చేసి ప్రస్తుతం జీడిమెట్లలో క్యూసీలో పనిచేస్తున్నాను. మీ ప్రొఫైల్ నాకెంతో స్ఫూర్తినిచ్చింది. మీలాంటి పెద్దలతో పరిచయం పెంచుకుని మీ మార్గదర్శనంలో ఎదగాలని కోరిక. దయచేసి నా రిక్వెస్ట్ అంగీకరించగలరు.’

చదవడానికి తప్పేమీ లేదు. ఫోన్‌లో పెడితే మాత్రం పట్టలేదు. లింక్డ్‌ఇన్‌లో డబ్బు కట్టే ప్రీమియం ఖాతాకు నోట్ హద్దు 300 అక్షరాలు. ఆమెకున్నలాంటి ఉచిత ఖాతాకు 200, అదీ నెలకు కొన్ని నోట్లు మాత్రమే. ఇక్కడ తెలుగులో రాసేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. యంత్రం అక్షరాన్ని మనలా లెక్కపెట్టదు. గుణింతం, పొల్లు, సున్నా, ఖాళీ ఒక్కొక్కటీ ఒక్కో లెక్క. ‘రిక్వెస్ట్’ మన కంటికి మూడక్షరాల మాట, యంత్రం దాన్ని పదిగా లెక్కేస్తుంది. ‘నమస్కారములు’ మనకు ఆరు, దానికి పదకొండు. ఆ లెక్కన పై నోట్ 267 అయింది. ‘మీలాంటి పెద్దలతో పరిచయం పెంచుకుని’ అనేసరికే 199 ఖర్చయింది. ఆమె అడగదలచుకున్నదేదో అప్పటికింకా మొదలే కాలేదు.

నిజానికి ఆ 267లోనూ అడిగింది లేదు. ‘అంగీకరించగలరు’ అన్నది ఆయన నొక్కాల్సిన బటన్ మీదే రాసి ఉంటుంది, దానికి నోట్ అక్కర్లేదు. పేరు, ఫొటో, చేసే పని, ఇద్దరికీ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల పేర్లు రిక్వెస్ట్‌తో పాటే ఆయన కంటపడతాయి. చదువు కావాలంటే ఒక్కసారి ప్రొఫైల్ నొక్కితే తెలుస్తుంది. కాబట్టి నోట్ దిద్దడానికి కూర్చున్నవాళ్లు మొదట చేయాల్సింది తెర ఎలాగూ చూపించే ప్రతి మాట కిందా గీత గీయడం. ఈ నోట్‌లో పేరు, చదువు, ఉద్యోగం, అంగీకరించమన్న వేడుకోలు, నాలుగింటి కిందా గీత పడింది. మిగిలినవి నమస్కారం, స్ఫూర్తి, పెద్దరికం. ఇంత శ్రద్ధగా రాసుకున్న పిల్ల తనకేం కావాలో ఎక్కడా చెప్పలేకపోయింది. ఆ తప్పు ఆమెది కాదు, అలా రాయమని నేర్పినవాళ్లది.

రెండో సలహా: ‘ఎక్కువైతే అక్కడక్కడా మాటలు తగ్గించు.’ ఆమె అదీ ప్రయత్నించింది. ‘గౌరవనీయులైన’ తీసేసింది, ‘ప్రస్తుతం’ తీసేసింది, ‘నమస్కారములు’ను ‘నమస్తే’ చేసింది. ఇంకా నలభై తగ్గాల్సి ఉంది. పట్టేదాకా కోసినా మిగిలేది ఇదే నోట్, కాస్త పొడిగా. క్లుప్తత కోసం మాటలు ఏరుతూ కూర్చోకూడదు, ముందు ఉద్దేశం తేల్చుకోవాలి. అది తేలితే ఏ మాట ఉండాలో అదే చెబుతుంది.

అందుకని నోట్ పక్కన పెట్టించి అడిగాను. “ఆయన ఎదురుగా కూర్చుంటే ఏం అడుగుతావమ్మా?”

“మార్గదర్శనం చేయమని అడుగుతాను మామయ్యా.”

“సరే చేస్తానమ్మా, ఏం తెలుసుకోవాలి అంటాడు. అప్పుడు?”

కాసేపు ఆలోచించి చెప్పింది. “నేను ఏపీఐ క్యూసీలో ఉన్నాను కదా. రెగ్యులేటరీకి వెళ్లాలంటే ముందు డీఎంఎఫ్ పని నేర్చుకోవాలా, లేక ఫార్ములేషన్ కంపెనీకి మారిపోవాలా అన్నది తేలడం లేదు.”

అదీ ప్రశ్న. డీఎంఎఫ్ అంటే మందులోని ముడి రసాయనం ఎలా తయారవుతుందో, ఎలా పరీక్షిస్తారో వివరిస్తూ తయారీదారు నియంత్రణ సంస్థకు సమర్పించే ఫైలు. అందులో స్పెసిఫికేషన్లు, పరీక్ష పద్ధతులు, వాటి వాలిడేషన్, బ్యాచ్ ఫలితాలు ఉంటాయి. అవన్నీ క్యూసీలో ఉన్నవాళ్ల చేతులమీదుగా వెళ్లేవే. అంటే ఆ దారి నడిచినవాడు ఈ ప్రశ్నకు బస్సులో కూర్చుని ఒక వాక్యంలో బదులివ్వగలడు. ‘మార్గదర్శనం చేయండి’ అంటే ఆయన ముందు తానే ఒక ప్రశ్న ఊహించుకోవాలి, ఆ తర్వాత జవాబు వెతకాలి. ఆ శ్రమ ఎవరూ పడరు, పడాలని కోరడమూ న్యాయం కాదు.

తిరగరాసిన నోట్ ఇది:

‘సర్, క్యూసీ నుంచి రెగ్యులేటరీకి మారడంపై మీ పోస్టు చదివాను. నేను ఏపీఐ క్యూసీలో రెండేళ్లుగా ఉన్నాను. మారాలంటే ముందు డీఎంఎఫ్ పని నేర్చుకోవాలా, ఫార్ములేషన్ వైపు వెళ్లాలా? ఒక్క మాట చెప్పగలరా?’

యంత్రం లెక్కలో 186. మొత్తం ఇరవైనాలుగు మాటలు. మొదటి వాక్యం ఆయన్నే ఎందుకు అడుగుతోందో చెబుతుంది, రెండోది ఎక్కడ నిలబడి అడుగుతోందో చెబుతుంది, మూడోది ప్రశ్న. చివరిది ఆయన సమయం ఎంత కావాలో చెబుతుంది. నాకు ఆ చివరి వాక్యం చాలా ఇష్టం. చోటు చాలకపోతే దాన్ని వదులుకోవచ్చు, ప్రశ్నను మాత్రం వదలకూడదు. రెండో వాక్యంలో ‘క్యూసీ’ మళ్లీ వచ్చింది కదా, తెర చూపించేదే కదా అనవచ్చు. కానీ ‘ఏపీఐ’, ‘రెండేళ్లు’ అన్న రెండు మాటలు లేకపోతే ఆ ప్రశ్నకు జవాబు మారిపోతుంది. తెర మీద ఉన్నా సరే, ప్రశ్నకు అవసరమైనది నోట్‌లో ఉండాల్సిందే.

ఇది చూసినవాళ్లు ఒకరు, ‘నమస్కారం కూడా లేదు, పొగరనుకుంటారు’ అన్నారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు మన మర్యాద మాటతోనే మొదలవుతుంది. అయితే ఈ నోట్‌లో మర్యాద లేదనడం సరికాదు. ‘సర్’ ఉంది, ‘మీ’ ఉంది, ‘చెప్పగలరా’ ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆయన రాసింది చదివి వచ్చింది. ‘మీ ప్రొఫైల్ స్ఫూర్తినిచ్చింది’ అన్న మాట చదవకుండానే ఎవరికైనా రాయవచ్చు, అందుకే అది ఎవరినీ తాకదు. ఈ సంగతి తేల్చుకోవడానికి నేను వాడే పరీక్ష ఒక్కటే: నోట్‌లో ఒక్క మాట మార్చకుండా దాన్ని ఇంకొకరికి పంపగలమా అని చూస్తాను. పంపగలిగితే అది ఇంకా ఎవరికీ రాసిన నోట్ కాదు.

మూడో సలహా చాలా తెలివైనదిగా కనిపిస్తుంది: ‘ముందు ఊరికే కనెక్ట్ అయిపో, అసలు విషయం తర్వాత మెల్లగా కదుపు.’ దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఉద్దేశం దాచిన నోట్‌ను ఒప్పుకున్న మనిషికి, మర్నాడే రెజ్యూమె వచ్చి పడితే మోసపోయినట్టు ఉంటుంది. దీనికి సరిగ్గా ఎదురు కొస నుంచి వచ్చే సలహా కూడా తప్పే: ‘సిగ్గుపడకు, మొదటి నోట్‌లోనే రిఫరల్ అడిగెయ్.’ రిఫరల్ అంటే ఆయన తన కంపెనీలో నీ గురించి తన పేరు పెట్టి చెప్పడం. నీ పని ఎప్పుడూ చూడని మనిషి ఆ పని ఎలా చేస్తాడు? ఉద్దేశం స్పష్టంగా ఉండాలి, కోరిక అప్పటికున్న పరిచయానికి తగ్గట్టు చిన్నదిగా ఉండాలి. రెండూ కలిసి కుదరాలి. ఎం.ఫార్మసీ వివరాలు, చేసిన పనుల జాబితా ఆయన ఒప్పుకున్న తర్వాత మెసేజ్‌లో పంపవచ్చు, అక్కడ ఇంత ఇరుకు ఉండదు.

‘తప్పులు దిద్దితే చాలు’ అనేవాళ్లకు ఒకటే మాట. అక్షరదోషం ఉన్నా ప్రశ్న తెలిస్తే జవాబు వస్తుంది. దోషాలు దిద్దండి, కానీ దాన్ని చివరికి పెట్టుకోండి. అంతకంటే ముందు, సంగతి తెలియని ఇంకెవరికైనా నోట్ ఒక్కసారి చదివి వినిపించి, ‘ఇప్పుడు ఆయన ఏం చేయాలి?’ అని అడగండి. ఆమె నోట్‌ను నేను మా ఇంట్లో చదివి వినిపించాను. మొదటిదానికి ‘ఏదో ఉద్యోగం కావాలేమో’ అన్నారు. రెండోదానికి ‘ఈ రెంటిలో ఏది మంచిదో చెప్పాలి’ అన్నారు. డీఎంఎఫ్ అంటే ఏమిటో వాళ్లకు తెలియదు, అయినా ఏం అడుగుతోందో తెలిసింది.

ఆఖరున ఒక ప్రమాదకరమైన సలహా: ‘ముందు పంపెయ్, బాగాలేకపోతే మార్చుకోవచ్చు.’ మార్చుకోలేం. పంపిన నోట్‌ను దిద్దే వీలు లేదు. రిక్వెస్ట్ వెనక్కి తీసుకుంటే అదే మనిషికి మళ్లీ పంపడానికి మూడు వారాల దాకా ఆగాల్సి వస్తుంది. ఫోన్‌లో ఇంకో చిక్కుంది. మీకు తెలిసి ఉండవచ్చంటూ వరసగా చూపించే మనుషుల జాబితాలో Connect నొక్కితే, నోట్ రాయనివ్వకుండానే రిక్వెస్ట్ వెళ్లిపోతుంది. శ్రద్ధగా దిద్దుకున్న నోట్ ఫోన్‌లోనే మిగిలిపోతుంది. అందుకని ముందు ఆ మనిషి ప్రొఫైల్ తెరిచి, అక్కడ నోట్ చేర్చే చోటు ఎక్కడుందో చూసుకుని, అప్పుడే పంపాలి. మా మేనకోడలు అలాగే పంపింది. ఆయన రెండు వాక్యాలు రాశాడు: ‘డీఎంఎఫ్‌తోనే మొదలుపెట్టమ్మా. నువ్వు చేసే వాలిడేషన్ రిపోర్టులు ఫైల్లో ఏ భాగంలోకి వెళ్తున్నాయో మీ రెగ్యులేటరీ వాళ్లను అడిగి చూడు.’