ఎక్కింది దిగేటప్పుడు

బెళ్ళందూరు పీజీల్లో శుక్రవారం పొద్దున ఒకడికి తల పగిలిపోతోందంటే చాలు, ఫ్లోరంతా డాక్టర్లే. కడప కుర్రాడు మజ్జిగ తాగమంటాడు. గుంటూరాయన కారంగా ఏదైనా తిని చెమట పట్టించమంటాడు. వరంగల్ తమ్ముడిది ఒకటే మాట: "ఇంకో పెగ్గెయ్యన్నా, సెట్ అయితది." రోగి దుప్పటి ముసుగులోంచి "ముందా లైటు ఆర్పండ్రా" అని మూలుగుతాడు. తొమ్మిదిన్నరకు వాడికి స్టాండప్ కాల్ ఉంది. ఆ పేరు పెట్టినవాడెవడో గాని, లేచి నిలబడటమే ఇప్పుడు వాడి సమస్య.

రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి పన్నెండుకు ముగించేలోపు వాడు నాలుగు లార్జ్‌లు లాగించాడు. లార్జ్ అంటే 60 మి.లీ.; మన విస్కీలో మామూలుగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. లెక్క కడితే కడుపులోకి చేరింది సుమారు 80 గ్రాములు. డెబ్బై కిలోల మనిషి కాలేయం గంటకు ఏడు గ్రాములకు అటూ ఇటూగా కరిగిస్తుంది. పక్కన టీమ్ లీడ్ నిలబడ్డా దాని వేగం పెరగదు. అంటే మందు పూర్తిగా దిగేసరికి ఉదయం ఎనిమిది దాటుతుంది. చిత్రమేమిటంటే హ్యాంగోవర్ ముదిరేదీ సరిగ్గా అప్పుడే, రక్తంలో ఆల్కహాల్ సున్నాకు చేరే వేళకు. ఆరింటికి "బాగానే ఉన్నానురా" అంటూ బండి తీసినవాడు నిజానికి ఇంకా నిషాలోనే ఉన్నాడు. ఇదే లెక్కన వాడి రక్తంలో 100 మి.లీ.కు 35 మిల్లీగ్రాముల దాకా మిగిలి ఉంటుంది. చట్టం ఒప్పుకునేది 30. సర్జాపూర్ రోడ్డు మీద ఊదమంటే దొరికిపోతాడు.

పీజీ వైద్యులందరూ ఏకగ్రీవంగా చెప్పే కారణం ఒంట్లో నీళ్ళు తగ్గడం. అందులో నిజం లేకపోలేదు. నీటిని పట్టి ఉంచమని మూత్రపిండాలకు చెప్పే వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను ఆల్కహాల్ అణిచేస్తుంది. ఒక్కో గ్రాముకు దాదాపు 10 మి.లీ. మూత్రం అదనంగా పోతుందని పాత అంచనా. మనవాడి ఖాతాలో ముప్పావు లీటరు పైనే! రాత్రంతా బాత్రూమ్ తలుపు చప్పుడుతో పక్క గదివాళ్ళకూ నిద్ర లేకపోయింది అందుకే. అయితే నోరు పిడచకట్టుకుపోవడం, దాహం, కాస్త నీరసం ఈ పద్దు కిందికి వస్తాయి. చెంబెడు నీళ్ళు తాగితే అవి తగ్గుతాయి. వికారం, తలపోటు మాత్రం అంత తేలిగ్గా కదలవు.

అప్పుడు నేరం అసిటాల్డిహైడ్ మీదికి మళ్ళుతుంది. కాలేయం ఆల్కహాల్‌ను ముందు ఈ విషంగా మార్చి, ఆ తర్వాత నిరపాయమైన అసిటేట్‌గా మారుస్తుంది. రెండో మెట్టు ఆగిపోతే ఏమవుతుందో కోపెన్‌హాగన్‌లో హాల్డ్, జాకబ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు సొంత ఒంటి మీదే తెలుసుకున్నారు. కడుపులో పురుగులకు పనికొస్తుందేమోనని డైసల్ఫిరామ్ అనే మందును తామే మింగి చూశారు. తర్వాత కాస్త మద్యం పుచ్చుకోగానే ముఖాలు ఎర్రబడి, గుండె దడదడలాడి, కడుపులో తిప్పేసింది. ఆ మందు అసిటాల్డిహైడ్‌ను ఒంట్లో పేరుకునేలా చేస్తోందని తేలింది. 1948లో ఆ సంగతి ప్రచురించారు. తాగుడు మాన్పించడానికి దాన్ని నేటికీ వాడుతున్నారు.

కానీ మామూలు మనిషిలో ఆ విషం ఎప్పటికప్పుడు ఖర్చైపోతుంది. తెల్లారేసరికి దాదాపు ఉండదు. అది, ఆల్కహాల్ కలిసి రేపిన రచ్చ మాత్రం మిగులుతుంది. జ్వరమొచ్చినప్పటిలా రోగనిరోధక వ్యవస్థ విడుదల చేసే రసాయనాలు, మంటెత్తిన కడుపు లోపలి పొర, ముక్కలైన నిద్ర: ఉదయం తొమ్మిదికి వాడిని పట్టుకుని ఊపేస్తున్నవి ఇవే.

ఇక చిట్కాల సంగతి. హ్యాంగోవర్‌ను ఆపుతుందనో తగ్గిస్తుందనో గట్టిగా చెప్పదగ్గ మందు ఒక్కటీ దొరకలేదని 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష తేల్చింది. అలాగని కడప కుర్రాడు ఓడిపోలేదు. ఉప్పేసిన పల్చటి మజ్జిగ పోయిన నీటినీ ఉప్పునూ కొంత తిరిగిస్తుంది. రెండు ఇడ్లీలు ఖాళీ కడుపును సముదాయిస్తాయి. మధ్యాహ్నం దాకా పడుకోగలిగితే అంతకన్నా మేలు. కాఫీ కునుకును ఆపుతుంది, రోజూ తాగేవాడికి కాఫీ లేని తలనొప్పినీ తప్పిస్తుంది. కాలేయాన్ని మాత్రం తొందరపెట్టలేదు. గుంటూరాయన కారం అసలే మండుతున్న కడుపుకు ఆజ్యం. చెమట పట్టిస్తే పోయేది మళ్ళీ నీళ్ళే.

మాత్రలతో మాత్రం జాగ్రత్త. పారాసిటమాల్‌నూ కాలేయమే చూసుకోవాలి. తరచూ ఎక్కువగా తాగేవాళ్ళకు అది ప్రమాదం. ఐబుప్రొఫెన్ కడుపును ఇంకా గీరుతుంది.

వరంగల్ తమ్ముడి వైద్యం కాసేపు పనిచేసినట్టే కనిపిస్తుంది, అదే దాంతో చిక్కు. విస్కీలో లేశమాత్రంగా ఉండే మిథనాల్‌ను కాలేయం చివర్లో ముట్టుకుంటుంది, దాన్ని విషంగా మారుస్తుంది. కొత్త పెగ్గు పడగానే ఆ పని ఆపి మళ్ళీ ఆల్కహాల్ వైపు తిరుగుతుంది. తల తేలికపడుతుంది. ఆ పెగ్గూ దిగిపోయాక, తొమ్మిదిన్నరకు రావలసిన తలపోటు మధ్యాహ్నం వస్తుంది, మేనేజర్ కెమెరా ఆన్ చెయ్యమనే రెండు గంటల మీటింగ్‌కి.