వెయ్యి బిట్లు, ఒక్క రాయి

బెజవాడలో ఫిజిక్స్ చదివేవాళ్లు తక్కువ, ఫిజిక్స్ బిట్లు కొట్టేవాళ్లు ఎక్కువ. బెంజ్ సర్కిల్ నుంచి గన్నవరం వైపు బయల్దేరితే దారి పొడవునా హోర్డింగుల మీద ర్యాంకులు నవ్వుతూ పలకరిస్తాయి. ఆ నవ్వుల వెనకాల ఉన్న సిద్ధాంతం ఒక్కటే: పిల్లాడి చేత వెయ్యి బిట్లు చేయించండి, కాన్సెప్ట్ దానంతటదే వస్తుంది. డీన్‌గారు ఇది నమ్ముతారు. గుడివాడలో ఎకరం అమ్మి ఫీజు కట్టిన తండ్రి ఇంకా గట్టిగా నమ్ముతాడు. న్యూటన్ సూత్రాలకైనా ఫలానా చోట వర్తించవని హద్దులున్నాయి గానీ దీనికి హద్దుల్లేవు.

వాళ్ల తప్పు కూడా పూర్తిగా కాదు. ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు. తప్పు రాస్తే మార్కు కోయరు. ఇలాంటి పరీక్షలో ఆలోచించడం కాస్త ఖరీదైన అలవాటే. అందుకే పేజీకి నాలుగు సూత్రాలున్న మెటీరియల్ చేతికిచ్చి, స్టడీ అవర్‌లో కూర్చోబెట్టి, ఆదివారం టెస్టు పెట్టి, సోమవారం ఎర్రర్ లిస్టు అంటిస్తారు.

ఆ క్లాసులో బాగా చదివే కుర్రాణ్నే పిలిచి ఒక లెక్క ఇవ్వండి. రాయిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు, g పది అనుకోండి, ఎంత ఎత్తుకు పోతుంది? మీ నోట్లోంచి మాట పూర్తవకముందే ‘20 మీటర్లు సార్’ అంటాడు. మళ్లీ చేతికి రావడానికి ఎంతసేపు? ‘నాలుగు సెకన్లు.’ రెండూ కరెక్టే. ఇప్పుడు అంకెల్లేని ప్రశ్న ఒకటి వేయండి. సరిగ్గా పై చివర రాయి త్వరణం ఎంత?

‘జీరో సార్. అక్కడ ఆగిపోతుందిగా.’

పోనీ, పైకి పోతున్నప్పుడు రాయి మీద ఏయే బలాలున్నాయి? ‘కిందికి గ్రావిటీ, పైకి మనం విసిరిన ఫోర్స్. అది కొంచెం కొంచెంగా అయిపోతుంది సార్.’ స్కూటర్‌లో పెట్రోలు అయిపోయినట్టన్నమాట.

గమ్మత్తు ఏమిటంటే, ఇన్ని అపోహలతోనూ అతని జవాబులు తప్పలేదు. సూత్రంలో a ఉన్న చోట -g అని మెటీరియల్ వాళ్లే పెట్టి అచ్చేశారు. చివర వేగం సున్నా అని కుర్రాడు వేశాడు. మిగిలింది కూడికలు తీసివేతలే. రాయి గురించి అతనేమనుకుంటున్నాడో సూత్రం అడగలేదు, ఎర్రర్ లిస్టుకి తెలియలేదు. లెక్క సరిగ్గా వచ్చినప్పుడే అపోహ అన్నిటికన్నా భద్రంగా దాక్కుంటుంది.

అది బయటపడే లెక్క కూడా సిలబస్‌లోనే ఉంది. బెలూన్ సెకనుకు 10 మీటర్ల వేగంతో పైకి పోతోంది. 40 మీటర్ల ఎత్తులో దాన్నుంచి రాయి వదిలారు. నేల మీద ఎప్పుడు పడుతుంది? మనవాడికి ‘వదిలారు’ అన్న మాట చాలు, u సున్నా. ఎనిమిదికి వర్గమూలం, అంటే సుమారు 2.8 సెకన్లు. ఆప్షన్లలో ఆ జవాబు సిద్ధంగా ఉంటుంది. ప్రశ్న తయారుచేసినాయనకు కుర్రాడి అపోహ కుర్రాడికన్నా బాగా తెలుసు మరి.

నిజానికి వదిలిన క్షణంలో రాయికి బెలూన్ వేగమే ఉంటుంది. ఒక సెకను పాటు ఇంకా పైకే పోయి, 5 మీటర్లు ఎక్కి, 45 మీటర్ల నుంచి కిందికి పడుతుంది. ఆ పడడానికి మూడు సెకన్లు. మొత్తం నాలుగు. ఇందాక చెయ్యి వదిలేసినా చేతి బలం రాయిలో మిగిలే ఉందన్న కుర్రాడే, బెలూన్ వదలగానే బెలూన్ ఇచ్చిన వేగం కూడా పోయిందంటున్నాడు. రెండింటికీ వేరు ఒకటే: కదలాలంటే ఎవరో ఒకరు తోస్తూ ఉండాలన్న నమ్మకం. తోసేది కనపడకపోతే చేతి బలాన్ని రాయిలోనే దాచి ఉంచుతాడు, తోసేది వదిలేసిందనుకుంటే రాయిలోంచి వేగాన్నే తీసేస్తాడు.

ఇది మన పిల్లల తెలివితక్కువతనం అనుకుంటే పొరపాటు. 1982లో జాన్ క్లెమెంట్ అనే ఆయన అమెరికాలో ఇంజనీరింగ్ విద్యార్థులను ఎగరేసిన నాణెం గురించి ఇదే అడిగితే, వాళ్లలో ఎక్కువమంది పైకి ఒక బాణం గీసి ‘చేతి బలం’ అన్నారు. మన డీన్‌గారి సిద్ధాంతానికి మాత్రం పరీక్ష కొరియాలో జరిగింది. 2002లో కిమ్, పాక్ అనే ఇద్దరు 27 మంది విద్యార్థులను పరిశీలించారు. ఆ పిల్లలు అప్పటికే ఒక్కొక్కరు 300 నుంచి 2,900 దాకా లెక్కలు చేసేసి ఉన్నారు, సగటున 1,500. సూత్రాలు వాడడంలో వాళ్లకు ఇబ్బందేమీ లేదు. అపోహలు మాత్రం చెక్కుచెదరలేదు. ఎన్ని లెక్కలు చేశారన్నదానికీ, ఎంత అర్థమైందన్నదానికీ పెద్దగా సంబంధమే కనపడలేదు. ఆ వ్యాసం హోర్డింగ్ మీదకి ఎక్కలేదు.

మరి సరిచేయడం ఎలా? ‘పై చివర కూడా త్వరణం g’ అని బోర్డు మీద రాసి రెండుసార్లు గీత గీయడం సరిచేయడం కాదు. కుర్రాడు దాన్ని ఇంకో బిట్టుగా కంఠస్థం చేస్తాడు. ముందు అతని చేత జవాబు చెప్పించి, ఆ జవాబుతోనే అతన్ని ఇరుకున పెట్టాలి. పై చివర వేగమూ సున్నా, త్వరణమూ సున్నా అయితే రాయి ఇక ఎందుకు కదలాలి? అక్కడే వేలాడాలిగా! తర్వాత అంకెలు. శిఖరానికి పదోవంతు సెకను ముందు వేగం పైకి 1, పదోవంతు సెకను తర్వాత కిందికి 1. 0.2 సెకన్లలో 2 మారింది, అంటే సెకనుకు 10. ఆ మార్పు మధ్యలో ఎక్కడా ఆగింది లేదు. ఇంకో వింత ఉంది. గాలి నిరోధాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే, ఎక్కేటప్పుడు త్వరణం g కన్నా ఎక్కువ, దిగేటప్పుడు తక్కువ. వేగమే లేదు గనక గాలి అడ్డుపడని పై చివర మాత్రం సరిగ్గా g. అంటే దారి మొత్తంలో త్వరణం కచ్చితంగా g ఉండే చోటునే ఏరి మరీ మనవాళ్లు సున్నా అంటున్నారు.

బలాల సంగతికి ఒక్క షరతు చాలు: ఏ బాణం గీసినా, దాన్ని ఏ వస్తువు కలిగిస్తోందో పక్కన రాయాలి. గ్రావిటీ పక్కన ‘భూమి’ అని రాస్తాడు. పైకి గీసిన బాణం దగ్గర పెన్ను ఆగిపోతుంది, చెయ్యి కిందే ఉండిపోయింది కదా. ఇక వదిలిన రాయి మాటకు భవానీ ద్వీపానికి పోయే పడవే లాబొరేటరీ. పడవ నిలకడగా పోతున్నప్పుడు చేతిలో నిమ్మకాయ వదిలితే అది వెనక్కి పోదు, కాళ్ల దగ్గరే పడుతుంది. పడవ వేగం దానితోనే ఉంది.

ఈ సంగతి పొక్కితే ఏమవుతుందో ఊహించగలను. వచ్చే జూన్‌కల్లా ‘అపోహల బిట్ బ్యాంక్, వెయ్యి ప్రశ్నలు, కీతో సహా’ అని కొత్త మెటీరియల్ దిగుతుంది. ఏవోగారు రౌండ్స్‌కి వచ్చి, ఎన్ని అపోహలు కంప్లీట్ చేశారని సెక్షన్ వారీగా లెక్క అడుగుతారు.

బిట్లు మానేయమని ఎవరూ అనడం లేదు. నిమిషానికో ప్రశ్న రాయాల్సిన పరీక్షకు చేతివేగం కావాలి, అది చేస్తేనే వస్తుంది. అడిగేదల్లా వరస మార్చమని. కైనమాటిక్స్ మొదలయ్యే రోజు ప్రాబ్లం షీట్ పంచకముందే ఒక పీరియడ్ అంకెల్లేకుండా నడపండి. ఇక తల్లిదండ్రులకు ఒక మనవి: ఈసారి ఔటింగ్‌కి కారియర్ పట్టుకెళ్లినప్పుడు వీకెండ్ టెస్టు మార్కులు ఎలాగూ మెసేజ్‌లో వచ్చాయి, అవి అడక్కండి. రూపాయి బిళ్ళ ఎగరేసి, పై చివర త్వరణం ఎంతో, ఎందుకో అడగండి. ‘g’ అని ఊరుకుంటే ఒప్పుకోవద్దు, ఎందుకో చెప్పాకే కారియర్ విప్పండి.