నల్ల మటన్ మీద పంచాయితీ

అనంతపురంలో వాన ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు గానీ, మటన్ బాగుందో లేదో చెప్పమంటే వీధంతా లేచి వస్తుంది. శెనక్కాయ పంట ఎండిపోయిన ఏడు కూడా గొర్రెలు గుట్టల మీద ఏదో ఒకటి గీక్కుని బతుకుతాయి. అందుకని ఇక్కడ పుట్టినవాడికి పొట్టేలును చూసే కన్ను మీసాలకంటే ముందే వస్తుంది. వీపు మీద చెయ్యేసి కండ ఎంతుందో చెప్తాడు, నోరు తెరిచి పళ్లు చూసి వయసు చెప్తాడు. ఈ విద్య అంతా ప్రాణమున్న పొట్టేలుకు, కొక్కేనికి వేలాడే పొట్టేలుకు సరిపోతుంది. గాలి తీసి సీలేసిన ప్లాస్టిక్ సంచిలో వచ్చే పొట్టేలు ఈ సిలబస్‌లో లేదు.

అలాంటి సంచులు రెండు, మా బావమరిది బెంగళూరు నుంచి కార్లో ఐస్ డబ్బాలో పెట్టుకుని తెచ్చాడు. అచ్చం నేరేడుపండు రంగు. మా మామ కళ్లజోడు పెట్టుకుని చూసి, తీసి చూసి, "ఏం నాయనా, ఇది పొట్టేలేనా, యాడన్నా బండి కింద పడిందా?" అన్నాడు. మా అత్త సంచి అడుగున ఎర్రనీళ్లు చూపించి, "నెత్తురు కూడా కడగలేదు సూడు" అంది. పక్కింట్లో రిటైరైన పోలీసాయన ఉన్నాడు. ఆయన వాసన కూడా చూడకుండానే పంచనామా మొదలుపెట్టాడు.

నా సర్వీసంతా పశువైద్యంలోనే గడిచింది. పశువులకైతే నేనేం చెప్తున్నానో వినే ఓపిక ఉండేది.

కండలో మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. నెత్తురు తెచ్చిన ఆక్సిజన్‌ను కండ తన అవసరానికి దాచుకునేది దీంట్లోనే, మన రైతు పడిన వానను పొలంలోనే ఫారం పాండ్‌లో నిలిపినట్టు. దాని నడిబొడ్డున ఒక ఇనుప పరమాణువు. ఆ ఇనుముకు ఆక్సిజన్ అంటుకుంటే మాంసం మెరిసే ఎరుపు. ఏమీ అంటుకోకపోతే ముదురు ఊదా. అంటే ఊదాయే మాంసం అసలు రంగు, మనం అంగట్లో చూసే ఎరుపు గాలి తగిలాక వచ్చే రంగు. సంచిలోంచి గాలి లాగేశాక, మిగిలిన కాస్త ఆక్సిజన్‌ను కండే వాడేసుకుంటుంది. ఇక ఊదాగా కాక ఎట్లుంటుంది?

మయోగ్లోబిన్ ఎంత ఎక్కువుంటే రంగు అంత ముదురు. లేతపిల్లకు తక్కువ, ముదురు పొట్టేలుకు ఎక్కువ, నడిచి నడిచి మేసే జీవం తొడలో ఇంకా ఎక్కువ. ఊపిరి బిగబట్టి సముద్రంలోతుకు పోయే తిమింగలానికైతే కండ దాదాపు నల్లగానే ఉంటుంది. జాన్ కెండ్రూ ఈ ప్రోటీన్ ఆకారాన్ని తేల్చింది తిమింగలం కండ నుంచి తీసిన మయోగ్లోబిన్‌తోనే. 1962లో మాక్స్ పెరుట్జ్‌తో కలిసి ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ మాట చెప్తే మా మామ, "తిమింగలం మనకెందుకప్పా, సంగటిలోకి పనికొస్తాదా?" అన్నాడు.

అత్త చూపిన ఎర్రనీళ్లు కూడా నెత్తురు కాదు. కోసినప్పుడే నెత్తురు చాలావరకు కారిపోతుంది. సంచిలో చేరింది కండలోని నీరు, దాంట్లో కరిగిన కాస్త మయోగ్లోబిన్.

మాటలతో లాభం లేదని ఒక సంచి కత్తిరించాను. గుప్పుమని పుల్లటి వాసన. పోలీసాయన అప్పటికే తీర్పు కూడా ఇచ్చేశాడు. గాలి లేని చోట పెరిగే లాక్టిక్ బ్యాక్టీరియా వాసన అది, కాసేపు విప్పి పెడితే పోవాలి. ముక్కలను ఒకదాని మీద ఒకటి పడకుండా పళ్లెంలో పరిచి, మూత వెయ్యకుండా ఫ్రిజ్‌లో పెట్టాను. పావుగంటకు వాసన పోయింది. అరగంటకు అంచుల నుంచి మొదలై పైభాగమంతా ఎర్రబడింది. రెండు ముక్కలు అతుక్కున్న చోట మాత్రం గాలి తగల్లేదు, అది నల్లగానే ఉంది. విడదీసి పెడితే అదీ ఎర్రబడింది. నేను గెలిచాననుకున్నాను. మామ దగ్గరికి వచ్చి, "రంగేసినావు కదూ?" అన్నాడు.

అప్పుడు మా వీధి చివర అంగడి నుంచి పొద్దున తెచ్చిన తొడ ముక్కను ఆయన ముందే కత్తితో రెండుగా చీల్చాను. పైన ఎరుపు, లోపల అదే నేరేడు రంగు. కటికాయన తొడను చీల్చినప్పుడల్లా ఈ రంగే బయటపడుతుంది. ఆయన తూకం వేసి, ఎముక గురించి మనతో వాదించి, చిల్లర వెతికేలోపు అది ఎర్రబడటం మొదలుపెడుతుంది. తరతరాలుగా మనం చూడని ముక్క అది.

మరి చెడింది ఎట్లా తెలుస్తుంది? సంచి బిగువుగా మాంసానికి అంటుకుని ఉండాలి. బుడగలాగా ఉబ్బిందంటే లోపల సూక్ష్మజీవులు గ్యాస్ పుట్టిస్తున్నాయని అర్థం, దాన్ని విప్పను కూడా విప్పొద్దు. విప్పిన అరగంటకు కూడా కుళ్లు వాసన పోకపోయినా, వేలికి జిగట తగిలినా, పచ్చటి ఛాయ కనిపించినా పారెయ్యాల్సిందే. గోధుమ రంగు మాత్రం అంత సులువుగా తేలదు. సంచికి ఎక్కడో సూది బెజ్జమంత చిల్లుపడి కొద్దిగా గాలి చొరబడితే, అసలు గాలి లేనప్పటికంటే తొందరగా మాంసం గోధుమ రంగుకు తిరుగుతుంది. మయోగ్లోబిన్‌లోని ఇనుము స్థితి మారి, ఆక్సిజన్‌ను పట్టుకోలేకపోతుంది. గోధుమ రంగు వచ్చిందని విషమైనట్టు కాదు గానీ, సీలు ఒకసారి తడిమి చూసుకోవాలి.

ఇంకో రకం నలుపు ఉంది, విప్పి ఎంతసేపు పెట్టినా ఎర్రబడదు. మేత, నీళ్లు లేకుండా సంతల వెంట తిప్పి, లారీల్లో కుక్కి, అలిసిన జీవాన్ని వెంటనే కోస్తే కండలో గ్లైకోజెన్ ఉండదు. అది లేకపోతే చచ్చాక కండలో రావాల్సిన ఆమ్లం రాదు. అలాంటి మాంసం నల్లగా, జిగురుగా ఉంటుంది, గాలి తీసిన సంచిలో కూడా తొందరగా చెడుతుంది. దీన్ని పశువును చూసేటప్పుడే పట్టుకోవాలి. మా ఊరి కన్ను అక్కడికి బాగా పనికొస్తుంది.

అసలు అడగాల్సిన ప్రశ్న మాత్రం పంచాయితీలో ఎవరూ అడగలేదు. బెంగళూరు నుంచి ఇక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైమాట, బయట నలభై డిగ్రీల ఎండ. డబ్బాలో ఐస్ మిగిలిందా? మిగిలింది, గడ్డలు గడ్డలుగానే ఉంది. కరిగి గోరువెచ్చని నీళ్లయి ఉంటే, మాంసం ఎంత ఎర్రగా మెరిసినా నేనే పారేసేవాణ్ణి. మనిషిని పడగొట్టే సూక్ష్మజీవులకు రంగు మార్చాలనే నియమం లేదు, వాసన పుట్టించాలనీ లేదు. గాలి లేని చోటే బతికేవీ వాటిలో ఉన్నాయి, కాబట్టి గాలి తీసిన సంచిని మరీ జాగ్రత్తగా చల్లగా ఉంచాలి. ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీలు దాటకూడదు, సంచి మీది తేదీ దాటకూడదు. కరెంటు పోయే ఊళ్లో దాన్ని ఫ్రీజర్‌లో వెయ్యడమే మేలు.

విప్పిన సంచి మధ్యాహ్నానికి కూరైంది. పొయ్యి మీద వేడికి ఊదా అయినా ఎరుపైనా అన్నీ ఒకటే మట్టి రంగు, దానిమీద మా అత్త కారం పడ్డాక ఇక రంగు గురించి మాట్లాడటానికి ఎవరి నోరూ ఖాళీగా లేదు. పోలీసాయన కూడా గిన్నె పంపించాడు. రెండో సంచిని అత్త ఫ్రీజర్‌లో పెట్టి, పనమ్మాయి పారేస్తుందని దానికి కాగితం అంటించింది: "నల్లగుంది. బాగుంది. ఎవరూ ముట్టద్దు."