ఖాళీ ఒక్కటే చూస్తే సరిపోదు

మా రోజుల్లో ‘ఖాళీలు పూరింపుము’ అనేవాళ్ళం, ఇప్పుడు క్లోజ్ పాసేజీ అంటున్నారు. పేరు మారినందుకు నాకేం బాధ లేదు. చదివే పద్ధతి మారిపోయింది, నా బాధల్లా అదే.

అప్పట్లో మాస్టారు పాసేజీ మొత్తం నల్లబల్ల మీద రాసేవారు. మేం దాన్ని నోటుబుక్కులోకి ఎక్కించుకునేవాళ్ళం. ఎక్కించుకోవడంలోనే కథంతా ఒకసారి బుర్రలోకి వెళ్ళేది. తర్వాత ఒకరు లేచి బిగ్గరగా చదివేవారు, ఖాళీ వచ్చినచోట ఆగి ముందుకు సాగేవారు. అది అయ్యేదాకా ఎవరూ జవాబు రాయకూడదు.

ఇప్పుడు వర్క్‌షీట్ ఫోటో వాట్సాప్‌లో వస్తుంది. మా మనవరాలు రెండు వేళ్ళతో దాన్ని పెద్దది చేసి, ఒక ఖాళీ దగ్గర ఆగి, “తాతయ్యా, ఇక్కడ ఫ్రమ్ పెట్టనా?” అని అడుగుతుంది. ఆ తెరమీద ఖాళీ, దాని పక్కన నాలుగు మాటలు, అంతే! పై వాక్యం లేదు, కింది వాక్యం లేదు. జవాబు ఉండేదేమో అక్కడ.

మొన్నటి పాసేజీనే చెబుతాను. ‘రవి ఈజ్ (1)... హానెస్ట్ బాయ్. హీ హాజ్ లివ్డ్ ఇన్ వరంగల్ (2)... 2015. లాస్ట్ సండే హీ (3)... (ఫైండ్) (4)... పర్స్ ఎట్ ద బస్ స్టాండ్. (5)... పర్స్ బిలాంగ్డ్ టు యాన్ ఓల్డ్ ఉమన్. బై ద టైమ్ హీ రీచ్డ్ హర్ హౌస్, షీ (6)... (లీవ్).’

మొదటిదానికి పిల్ల ‘ఏ’ రాసింది. స్పెల్లింగులో హెచ్ కనిపించింది కదా మరి. కానీ ఆ హెచ్ పలకదు, మాట ‘ఆ’ శబ్దంతో మొదలవుతుంది కాబట్టి ‘యాన్’ రావాలి. యూనివర్సిటీకి ఇదే తిరగబడుతుంది. రాతలో అచ్చు, నోట్లో ‘యు’, అందుకని ‘ఏ యూనివర్సిటీ’. కంటితో చూస్తే తేలేది కాదిది, నోటితో పలకాలి. అందుకే బిగ్గరగా చదివించేవారు.

రెండో ఖాళీ దగ్గరే అసలు తంటా. ‘2015 నుంచి’, ‘పదేళ్ళ నుంచి’ అని రెండుచోట్లా మనకు ‘నుంచి’ ఒక్కటే. ఇంగ్లీషులో మొదలైన సమయం చెబితే ‘సిన్స్’, గడిచిన కాలం చెబితే ‘ఫర్’. ఈ పాసేజీలో 2015 అన్న అంకె వరస చివర పడింది. ఫోటో తీసినవాళ్ళు కాగితం కుడి అంచు వదిలేశారు, ఉన్న కాస్తా చేతి నీడలో మునిగిపోయింది. అంకె కనబడకపోతే సిన్సో ఫరో ఏ పండితుడు చెప్పగలడు? పిల్ల ‘ఫ్రమ్’ అని ఊహించి రాసేసింది.

మూడోదానికి ‘లాస్ట్ సండే’ చూస్తే చాలు. జరిగిపోయిన ఫలానా రోజు చెప్పారు గనుక ‘ఫౌండ్’, ‘హాజ్ ఫౌండ్’ కుదరదు. నాలుగో ఖాళీలో పర్సు మొదటిసారి కథలోకి వచ్చింది, అందుకని ‘ఏ’. ఐదో ఖాళీలో అదే పర్సు గనుక ‘ద’. ఐదోదాన్ని ఒంటరిగా పెద్దది చేసి చూస్తే ఈ సంగతి ఎలా తెలుస్తుంది? ఆరోది కూడా అంతే. అతను చేరేసరికే ఆమె వెళ్ళిపోయింది. రెండూ గతమే అయినా ముందు జరిగినది ‘హాడ్ లెఫ్ట్’ అవుతుంది. ఏది ముందో తెలియాలంటే వాక్యం మొదటి సగం కళ్ళముందు ఉండాలి.

ఈ క్లోజ్ పద్ధతిని 1953లో విల్సన్ టేలర్ అనే అమెరికన్ ప్రతిపాదించాడు. అప్పుడది వ్యాకరణ పరీక్ష కాదు. ఒక రచన పాఠకుడికి ఎంత సులువుగా అర్థమవుతుందో కొలవడానికి, వరసగా కొన్ని మాటలకు ఒకటి చొప్పున తీసేసి పూరించమనేవాడు. చుట్టూ ఉన్న మాటలను పట్టుకుని పోయినదాన్ని కనుక్కోవడమే దాని ఆయువుపట్టు. మన బడుల్లో ఆర్టికల్సూ, ప్రిపొజిషన్సూ, క్రియారూపాలూ ఏరి తీసేస్తున్నారు. తప్పులేదు, కానీ ఆ ఆయువుపట్టు మారలేదు కదా.

ఇంకో దిగులు. సాయంత్రానికి ఎవరో పూరించిన షీటు ఫోటో కూడా గ్రూపులో తిరుగుతుంది. పిల్లలు యాన్, సిన్స్, ఫౌండ్ అని వరసగా దించేస్తారు. రేపు పరీక్షలో 2015 తీసి ‘టెన్ ఇయర్స్’ పెడితే మళ్ళీ ‘సిన్స్’ అనే రాస్తారు.

తల్లిదండ్రులకు నా మనవి ఇదే. కాగితాన్ని బల్లమీద పరిచి, నిటారుగా పైనుంచి, నాలుగు అంచులూ పడేట్టు, నీడ లేకుండా ఫోటో తీయండి. వీలైతే ప్రింటు తీయించండి, లేదా పిల్లచేతే పాసేజీని నోటుబుక్కులోకి ఎక్కించండి. ఒకసారి బిగ్గరగా చదివించాకే పెన్ను ఇవ్వండి. ప్రతి ఖాళీకీ ఏ మాటను చూసి ఆ జవాబు రాసిందో, ఆ మాట కింద గీత గీయమనండి. గీత గీయలేని ఖాళీని మాత్రం దగ్గర కూర్చుని చెప్పండి.